పసిబిడ్డ చర్మ సంరక్షణ – 4వ పాఠం: తలమీద పసుపు పెచ్చులు

గత పాఠంలో మెడ మడతల ఒరుపు గురించి తెలుసుకున్నాము. ఈసారి తలమీదికి వద్దాము. పుట్టిన మూడు వారాల నుంచి మూడు నెలల లోపు కొందరు శిశువుల మాడుపైన, కనుబొమలపైన జిడ్డుగా, పసుపు రంగులో పెచ్చులు కడతాయి. తల్లి నుంచి అందిన హార్మోన్ల ప్రభావంతో బిడ్డ చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేయడమూ, ఆ జిడ్డుపై బతికే మలసీజియా అనే ఈస్టూ దీనికి కారణాలని వైద్యులు భావిస్తారు. ఇది అశుభ్రత వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. సాధారణంగా దురద ఉండదు కనుక చూసేవారికే గాని బిడ్డకు బాధ ఉండదు.

ఏడు వారాల పాప ఒకతెను ఊహించుకుందాము. అమ్మమ్మ రోజూ ఉదయం మాడుకు కొబ్బరినూనె పెట్టి, శనగపిండితో పైపైన రుద్ది నీళ్లు పోస్తున్నది. నూనె పూర్తిగా వదలక, పిండి దానిలో చిక్కుకొని, పెచ్చు నానాటికీ మందమవుతున్నది. ఇక్కడ తప్పు నూనె పెట్టడంలో కంటే దాన్ని తలమీదే వదిలేయడంలో ఉన్నది. పైగా వంటనూనెల్లోని కొవ్వు ఆమ్లాలు ఆ ఈస్టుకు ఆహారమవుతాయి కాబట్టి మినరల్ ఆయిల్‌తో చేసిన బేబీ ఆయిల్ మేలు.

స్నానానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు ఆ నూనెను అర చెంచాడు తీసుకొని పెచ్చులపై మాత్రమే మెల్లగా పట్టించాలి. నానిన తరువాత మెత్తని బేబీ బ్రష్‌తో ఒకే దిశలో తేలికగా దువ్వి, ఊడివచ్చినంత మేరకే తీసి, బేబీ షాంపూతో జిడ్డు పోయేవరకు కడగాలి. కుంకుడు రసం కళ్లలో పడితే మంట పుట్టిస్తుంది కనుక వద్దు. మాడు మెత్తగా ఉన్నచోట కూడా తేలికగా దువ్వవచ్చు, నొక్కకూడదు. రెండు మూడు రోజులకొకసారి ఇలా చేస్తే కొద్ది వారాల్లో తల తేటపడుతుంది. పెచ్చుతోపాటు కొన్ని వెంట్రుకలు రావచ్చు, అవి మళ్లీ మొలుస్తాయి. గోటితో గీకితే మాత్రం చర్మం చిట్లి, చీము పట్టే ప్రమాదముంది. పెచ్చులున్న తలకు పుట్టువెంట్రుకలు తీయించవలసి వస్తే, ముహూర్తాన్ని కొన్ని వారాలు వెనక్కు జరపడమే నా సలహా. కత్తి ఎగుడుదిగుడు పెచ్చుపై సరిగా నడవదు.

కొన్ని వారాలైనా తగ్గకపోయినా, ఏడాది దాటినా, ముఖానికీ ఒంటికీ పాకినా, బిడ్డ తల రుద్దుకుంటూ నిద్రపోకపోయినా పిల్లల వైద్యునికి చూపించాలి. దురద ఉంటే అది ఎగ్జిమా కావచ్చు. వెంట్రుకలు గుండ్రని మచ్చలుగా రాలితే తామరను అనుమానించాలి. కీటోకోనజోల్ షాంపూ గాని, హైడ్రోకార్టిసోన్ పూత గాని వైద్యుడు చెప్పకుండా వాడకూడదు. చర్మం ఎర్రబడి వాచి, రసి కారుతూ వాసన వేసినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి. ఒళ్లంతా ఎర్రబడి విరేచనాలవుతూ బరువు పెరగకపోయినా, పెచ్చుల మధ్య నొక్కినా మాయని ఎర్రని చుక్కలు కనిపించినా అంతే త్వరపడాలి, ఎందుకంటే అప్పుడు అరుదైన తీవ్ర వ్యాధులు లేవని పరీక్షలతో తేల్చుకోవలసి ఉంటుంది.