ఫోటోలో కనపడని చుక్క

మా పిన్ని కూతురు తిరుపతిలో ఫస్టియర్ ఈసీఈ, మొన్న బైరాగిపట్టెడలో వాళ్లింటికి పోతే ఫోన్లో సర్క్యూట్ డయాగ్రమ్ ఫోటో చూపించి, అన్నా ఇది చూసి కట్టినా, యాంప్లిఫై చేయట్లేదు, ట్రాన్సిస్టర్ పోయిందేమో అనింది.

ముందు కెపాసిటర్ల మీద వేలు పెట్టి మూసేయమన్నా. డీసీ వాటిలోంచి పోదు కాబట్టి వోల్టేజీలు లెక్కేసేటప్పుడు అవి లేనట్టే. ఇంక మిగిలింది నాలుగు రెసిస్టర్లు, ఒక BC547 ట్రాన్సిస్టర్. బేస్ దగ్గర పైన 47k, కింద 10k, సప్లై 12 వోల్టులు, అంటే బేస్‌కి 2.1 వోల్టులు రావాలి, అందులో బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య పడే 0.7 తీసేస్తే ఎమిటర్‌లో 1.4, కింద 1k ఉంది కాబట్టి కరెంటు 1.4 మిల్లీఆంప్స్.

మీటర్ పెడితే బేస్‌లో 1 వోల్టే ఉంది, కలెక్టర్‌లో అర వోల్టు కూడా లేదు, ఎమిటర్‌కీ దానికీ తేడా 0.1 లోపే. అంటే ట్రాన్సిస్టర్ పోలేదు, శాచురేషన్‌లోకి పోయింది, అంటే పూర్తిగా ఆన్ అయిపోయి కూర్చుంది, అట్లుంటే సిగ్నల్ ఊగడానికి చోటే ఉండదు.

ఆమె పెట్టిన కలెక్టర్ రెసిస్టర్ చూస్తే గీతలు పసుపు, ఊదా, నారింజ, అంటే 47k. అందులో 1.4 మిల్లీఆంప్స్ పోవాలంటే 66 వోల్టులు కావాలి, మనకుండేది 12! ఫోటో జూమ్ చేస్తే 4కీ 7కీ మధ్య సన్నటి చుక్క, అది 4.7k. దాని బదులు మూడో గీత ఎరుపుండేది పెట్టినాక కలెక్టర్‌లో 5.4 దాకా వచ్చింది, స్కోప్‌లో వేవ్ పెద్దగా కనపడింది.