ఇంగ్లీషు రాత, 4వ పాఠం: పులిహోరకు ముక్కు లేదు

పోయిన పాఠంలో ఒక మాట తేలిగ్గా అనేశాను: "క్రియ పక్కన గుడ్ వద్దు, వెల్ రాయండి" అని. ఫలితం ఈ వారం మీ నోటు పుస్తకాల్లో కనబడింది. "షి సింగ్స్ వెల్" అందరూ సరిగ్గానే రాశారు. కానీ ఆ వెంటనే సగం మంది "ద పులిహోర స్మెల్స్ వెల్" అని కూడా రాశారు. తప్పు నాది. ఆ సూత్రం కొట్టేయండి.

"స్మెల్స్ వెల్" అంటే పులిహోరకు ముక్కు ఉందని, అది వాసన బాగా పసిగడుతుందని అర్థం. అది పోలీసు కుక్క గురించి చెప్పాల్సిన మాట. పులిహోర ఏ పనీ చెయ్యడం లేదు, దాని వాసన ఎలా ఉందో చెబుతున్నాం. కాబట్టి "స్మెల్స్ గుడ్".

మనకి ఈ పొరపాటు ఎందుకొస్తుందంటే, మన "బాగా" మూడు పనులు చేస్తుంది. "బాగా పాడింది"లో అది వెల్. "బాగా కారం"లో రియల్లీ. "వాసన బాగుంది"లో గుడ్. మనసులో "బాగుంది" అనుకుని, అందులో "బాగా" వినబడగానే చెయ్యి వెల్ రాసేస్తుంది.

నేను వాడే అడ్డదారి ఇది. క్రియ తీసేసి ఈజ్ గానీ ఆర్ గానీ పెట్టండి. అర్థం దాదాపు అదే ఉంటే గుడ్, మారిపోతే వెల్. "ద పులిహోర ఈజ్ గుడ్" అంటే విషయం మారలేదు. "షి ఈజ్ గుడ్" అంటే పాటే ఎగిరిపోయింది, కాబట్టి అక్కడ వెల్ ఉండాల్సిందే. వాక్యం వినడానికి బాగుంటే చాలదు, అర్థం నిలవాలి. ఆ రెండో షరతు మరిచిపోయినవాళ్ళే మళ్ళీ తప్పుతారు.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు దగ్గర వ్యాపారం చేసే ఒక కుటుంబం అమ్మాయి, విదేశీ కొనుగోలుదారుకి రాసిన ఉత్తరం ముసాయిదా చూద్దాం.

"అవర్ చిల్లీస్ ఆర్ రియల్ హాట్. దే డ్రై గుడ్ ఇన్ ద సన్. ద కలర్ లుక్స్ వెల్. అవర్ బిజినెస్ ఈజ్ డూయింగ్ గుడ్."

నాలుగు వాక్యాలు, నాలుగు తప్పులు. మొదటిది చివర చూద్దాం. రెండోదానికి పరీక్ష పెడితే "దే ఆర్ గుడ్" అవుతుంది, ఎండటం మాయమైంది. కాబట్టి "డ్రై వెల్". మూడోది "ద కలర్ ఈజ్ గుడ్", అర్థం నిలిచింది. కాబట్టి "లుక్స్ గుడ్". నాలుగోది తమాషా. "డూయింగ్ గుడ్" అంటే పదిమందికి మేలు చేస్తున్నామని, అన్నదానం లాంటిది. వ్యాపారం సాగుతోందని చెప్పాలంటే "డూయింగ్ వెల్". అమెరికావాళ్ళు నోటి మాటల్లో "డూయింగ్ గుడ్" అంటారు, ఉత్తరంలో మనం అనక్కర్లేదు.

పరీక్ష ఒకచోట చేతులెత్తేస్తుంది: ఆరోగ్యం. "యూ లుక్ వెల్" కూడా ఒప్పే. అక్కడ వెల్ విశేషణం, ఒంట్లో కులాసా అని అర్థం. "యూ లుక్ గుడ్" అంటే చూడ్డానికి బాగున్నావని. జ్వరం తగ్గినవాళ్ళకి మొదటిది, పెళ్ళికి ముస్తాబైనవాళ్ళకి రెండోది.

ఇక మొదటి వాక్యం. "నిజమైన" రియల్, "నిజంగా" రియల్లీ. మన భాషలో ఎవరూ కలపరు, "నిజమైన కారంగా ఉంది" అని ఎవరూ అనరు. ఇంగ్లీషులో మాత్రం సినిమాలు విని "రియల్ హాట్" అంటాం. అనుమానం వస్తే ఆ చోట వెరీ పెట్టి చూడండి. "వెరీ హాట్" కుదిరింది, కాబట్టి "రియల్లీ హాట్". "వెరీ తేజ చిల్లీస్" కుదరదు, కాబట్టి "రియల్ తేజ చిల్లీస్", అంటే కల్తీ లేని తేజ రకం. "దీజ్ రియల్లీ ఆర్ తేజ చిల్లీస్" అంటే ఇవి నిజంగా తేజ మిరపకాయలే అని నొక్కి చెప్పడం. ఇక్కడ రియల్లీ క్రియకు ఆనింది కాబట్టి వెరీ పరీక్ష పనికిరాదు. నన్నడిగితే సరుకు అమ్మే ఉత్తరంలో రియల్లీ అసలు వద్దు. "హాట్" అంటే చాలు, కొనేవాడు రుచి చూసుకుంటాడు.

ముసాయిదా సరిచూడ్డానికి కంప్యూటర్‌లో Ctrl+F నొక్కి good, well, real అని ఒక్కొక్కటే వెతకండి. real వెతికితే really కూడా దొరుకుతుంది. ప్రతిచోటా ఆగి, ఆ మాట దేనికి ఆనుకుందో వేలు పెట్టి చూపించండి.

అభ్యాసం: బజ్జీల బండి మీద ఎనిమిది వాక్యాలు రాయండి. స్మెల్, టేస్ట్, లుక్, ఫీల్ ఒక్కొక్కటి రెండుసార్లు రావాలి, ఒకసారి పనిగా, ఒకసారి స్థితిగా. పనిగా రాసినచోట వెల్ గానీ, కేర్‌ఫుల్లీ లాంటి క్రియా విశేషణం గానీ ఉండాలి. ఫీల్ కష్టం, ముందే చెబుతున్నా. మసక చీకట్లో బండివాడు పిండి పదును చేత్తో తడిమి చూస్తున్నాడని ఊహించుకోండి.