పైరు ఎదగకముందే రోబో లోరా లింకు సరిచూసుకోండి

పొలం ఖాళీగా ఉన్నప్పుడు, తక్కువ పవర్‌తో దూరం వెళ్లే లోరా రేడియో మీద రోబో సెన్సర్ డేటా, దాన్ని అందుకునే గేట్‌వేకి చక్కగా వస్తుంది. పైరు ఎత్తు పెరిగి, ఆకులు వానకు తడిసాక అదే లింకులో ప్యాకెట్లు పోవడం మొదలవుతుంది. తడి ఆకులు సిగ్నల్‌ని పీల్చేస్తాయి. పైగా రేడియో తరంగం సన్నని గీతలా వెళ్లదు. 868 మెగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరు లింకుకి, రెండు యాంటెన్నాలని కలిపే గీత చుట్టూ, సరిగ్గా మధ్యలో, దాదాపు 9 మీటర్ల మేర ఖాళీ ఉంటే మంచిది. అంత ఖాళీ పొలంలో దొరకదు కాబట్టి, కొంత నష్టం ముందే లెక్కలో వేసుకోవాలి.

యాంటెన్నా బిగించకుండా మాడ్యూల్‌తో ట్రాన్స్‌మిట్ చేయించకండి, పవర్ యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. ఫ్రీక్వెన్సీ మీ దేశంలో అనుమతి ఉన్నదే పెట్టండి.

తర్వాత రోబోని పొలంలో గేట్‌వేకి అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలకి తీసుకెళ్లి, వరుస నంబరు వేసిన ప్యాకెట్లు ఓ వంద పంపించండి. గేట్‌వే వైపు, అందిన సిగ్నల్ బలం, నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంతో చెప్పే ఎస్‌ఎన్‌ఆర్, ఈ రెండూ రాసుకోండి. ఆర్డుయినో LoRa లైబ్రరీలో అవి ఇలా వస్తాయి:

```
LoRa.packetRssi()
LoRa.packetSnr()
```

ఉదాహరణకి, సిగ్నల్‌ని ఎంత సాగదీసి పంపాలో చెప్పే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 9లో ఎస్‌ఎన్‌ఆర్ −6 డీబీ వచ్చిందనుకుందాం. ఆ సెట్టింగ్‌లో సిగ్నల్ అందే హద్దు సుమారు −12.5. అంటే చేతిలో మిగిలింది 6.5 డీబీయే. ఖాళీ పొలంలోనే ఇంతైతే పైరు పెరిగాక చాలదు, కనీసం 10 దాటి ఉండాలని నా అభిప్రాయం. చాలామంది వెంటనే ఫ్యాక్టర్ 10కి మారుస్తారు. దానితో కలిసొచ్చేది 2.5 డీబీ మాత్రమే. 20 బైట్ల ప్యాకెట్‌కి, 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో, గాలిలో పట్టే సమయం మాత్రం 185 నుంచి 371 మిల్లీసెకన్లకి పెరుగుతుంది. బ్యాటరీ ఖర్చూ ఆ మేరకే. మొత్తం సమయంలో 1 శాతమే ట్రాన్స్‌మిట్ చేయాలనే పరిమితి ఉన్న చోట ఒక్కో ప్యాకెట్‌కి సగటున 37 సెకన్లు ఆగాల్సి వస్తుంది. అందుకే ముందు గేట్‌వే యాంటెన్నాని పైకెత్తండి, రోబో యాంటెన్నాని ఇనుప బాడీకి దూరంగా నిలువుగా పెట్టి మళ్లీ కొలవండి. ఫ్యాక్టర్ జోలికి చివర్లో వెళ్లండి.

వరుస నంబర్లు ఇంకో సంగతి కూడా చెప్తాయి. మధ్యలో నంబర్లు ఎగిరిపోతే ప్యాకెట్లు దారిలో పోతున్నట్టు. నంబరు మళ్లీ సున్నా నుంచి మొదలైతే తప్పు రేడియోది కాకపోవచ్చు, మోటారు స్టార్ట్ అయినప్పుడు వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుండవచ్చు. రేడియోకి విడిగా రెగ్యులేటర్ పెట్టి చూడండి. డేటా బాగానే వస్తూ, గేట్‌వే పంపే కమాండ్లు మాత్రం రోబోకి అందకపోతే, మోటార్లు ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి పరీక్షించండి. మోటారు నాయిస్ పక్కనే ఉన్న రిసీవర్‌కే ఎక్కువ తగులుతుంది.

ఎమర్జెన్సీ స్టాప్‌ని ఈ లింకు మీద అస్సలు పెట్టకండి. ఒక్క ప్యాకెట్ పోయినా రోబో ఆగదు. ఆపే స్విచ్ రోబో మీదే ఉండాలి. నిర్ణీత సమయంలో గేట్‌వే నుంచి మాట అందకపోతే రోబో తనంతట తానే ఆగేలా ప్రోగ్రామ్ రాసి, గేట్‌వే కరెంటు తీసేసి అది నిజంగా ఆగుతోందో లేదో చూసుకోండి.