బ్లెండర్ రిగిఫైలో పాదం కంట్రోల్ కదిలినా కాలు కదలకపోతే

మెటారిగ్‌ను ఆబ్జెక్ట్ మోడ్‌లో పెంచి మీ క్యారెక్టర్ ఎత్తుకు సరిపెడితే, జనరేట్ చేసే ముందు Ctrl+A నొక్కి Scale అప్లై చేయండి. ఆ తర్వాత ఎడిట్ మోడ్‌లో కీళ్లు సర్దండి. పక్క నుంచి చూసి మోకాలిని కాస్త ముందుకు జరపండి. కాలు నిటారుగా ఉంటే ఎటు మడవాలో రిగ్‌కు తెలియదు.

జనరేట్ చేశాక `foot_ik.L` లాగినా కాలు రాలేదా? వెంటనే మళ్లీ జనరేట్ చేయకండి, నేను అలా ఓ సాయంత్రం పోగొట్టుకున్నాను. పోజ్ మోడ్‌లో అదే కంట్రోల్ ఎంచుకుని, N ప్యానెల్‌లోని Item ట్యాబ్‌లో IK-FK స్లైడర్ చూడండి. అది 1 దగ్గర ఉంటే కాలు ఎఫ్‌కే కంట్రోల్స్ మాటే వింటుంది. 0 చేయండి. ఎముకలు కదిలి మెష్ మాత్రం కదలకపోతే, దాన్ని జనరేట్ అయిన రిగ్‌కు బదులు పొరపాటున మెటారిగ్‌కే పేరెంట్ చేశారేమో చూడండి.