గులాబీ రంగు వెలిసిందని మళ్లీ చుక్క వేయకండి
పర్మాంగనేట్ టైట్రేషన్‌కు 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లంలో అంతే సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60–70 డిగ్రీలకు వేడి చేయండి. ఆవిరి లేస్తుంటే చాలు, మరిగించొద్దు. మరిగితే ఆక్సాలిక్ ఆమ్లమే విరిగిపోయి రీడింగ్ తక్కువొస్తుంది.

బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్ మొదటి చుక్క పడ్డాక గులాబీ రంగు వెంటనే పోదు. అందరూ కంగారుపడేది ఇక్కడే. ఫ్లాస్కు తిప్పుతూ ఆగండి. ఆ చుక్కలోంచి పుట్టే మాంగనీస్ అయానే ఉత్ప్రేరకం, అది కాస్త పోగైతే తర్వాతి చుక్కలు పడగానే మాయమవుతాయి. ఆగకుండా ధార వదిలితే గోధుమరంగు మడ్డి వస్తుంది. అది వేడికి కరగకపోతే పారబోయడమే.

డిసెంబరులో మా హైదరాబాద్ ల్యాబులో ఫ్యాను కింద ఫ్లాస్కు ఇట్టే చల్లారేది. చివర్లో రంగు నెమ్మదిగా పోతుంటే మళ్లీ వేడి చేయాలి.

లేత గులాబీ 30 సెకన్లు నిలిస్తే రీడింగ్ రాసేయండి. తర్వాత అది ఎలాగూ వెలుస్తుంది, మిగిలిన పర్మాంగనేట్ ఆ మాంగనీస్‌తోనే చర్య జరుపుతుంది కాబట్టి. నేనొకసారి 19.8 దగ్గర ఆగక, వెలిసినప్పుడల్లా చుక్క వేస్తూ 20.3కి చేరాను.

ఆక్సాలిక్ ఆమ్లం బదులు ఐరన్ ఉండే మోర్ లవణమైతే వేడే వద్దు, వేడి చేస్తే గాలికే ఐరన్ ఆక్సీకరణం చెందుతుంది.