స్టాక్ కనిపిస్తోంది, గూడ్స్ ఇష్యూ కావట్లేదు: సపోర్ట్ టికెట్ తిరిగి రాకుండా రాయడం

సమస్య

నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో డిస్పాచ్, స్టోర్స్ వాళ్ల ఎస్ఏపీ టికెట్లు నేనే చూస్తాను. జూన్ 1 ఉదయం మా డిస్పాచ్ అబ్బాయి పెట్టిన టికెట్ ఇది:

"స్టాక్ ఉంది. డెలివరీ పోస్ట్ కావట్లేదు. చాలా అర్జెంట్. వెంటనే చూడండి."

దీనికి ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫోటో జత చేశాడు. గంట తర్వాత "డెలివరీ నంబరు పంపండి" అని జవాబు వచ్చింది. అది పంపాడు. "పూర్తి ఎర్రర్ పంపండి" అని మళ్లీ అడిగారు. అప్పటికి రీఫర్ కంటైనర్ లోడయి గేటు దగ్గర నిలబడి ఉంది. "అన్నా, స్టాక్ కళ్లెదుట ఉంటే ఇంకేం వివరాలు కావాలి వీళ్లకి?" అన్నాడు. ఆ టెన్షన్‌లో అలా అనిపించడం సహజమే.

కారణం

ఫోటో చూశాను. ఎర్రర్ వచ్చేది స్క్రీన్ అడుగున ఉండే పట్టీలో. సరిగ్గా ఆ పట్టీయే ఫోటోలో సగం తెగిపోయింది. దాని మీద డబుల్ క్లిక్ చేయిస్తే మెసేజ్ నంబరు M7021, "Deficit of" అనే మాటలు, 450 కార్టన్లు అని కనిపించాయి. మధ్యలో చిన్నగా "prev." అని కూడా ఉంది. విషయమంతా ఆ పొట్టి మాటలోనే ఉంది. తక్కువైంది నేటి స్టాక్ కాదు, గత నెల స్టాక్.

MMBE చూపించేది ఇప్పుడున్న స్టాక్. అందులో 1,640 కార్టన్లు ఉన్నాయి, పంపాల్సింది 1,600. అబ్బాయి చెప్పింది నిజమే. కానీ డెలివరీలో గూడ్స్ ఇష్యూ తేదీ మే 31 అని ఉంది. అలా వెనక్కి వెళ్లి పోస్ట్ చేస్తే, గత నెలాఖరుకు ఎంత ఉందో కూడా సిస్టమ్ చూస్తుంది. మే 31కి ఉన్నవి 1,150 మాత్రమే. మిగతా 490 నైట్ షిఫ్ట్‌లో ప్యాకయి, అర్ధరాత్రి దాటాక జూన్ 1 తేదీతో రిసీట్ అయ్యాయి. 1,600లోంచి 1,150 తీస్తే 450. మెసేజ్‌లో ఉన్న అంకె అదే.

"స్టాక్ ఉంది" అనేది మనం తేల్చుకున్న మాట. అటువైపు కన్సల్టెంట్‌కి కావాల్సింది మనం నొక్కింది, టైప్ చేసిన తేదీ, తెర మీద వచ్చింది. ఆ తేదీ తెలియకపోతే ఆయన తన దగ్గర నేటి తేదీతో ప్రయత్నిస్తాడు, పోస్ట్ అయిపోతుంది. "ఇక్కడ బాగానే ఉంది" అని టికెట్ మూసేస్తాడు కూడా.

పరిష్కారం

టికెట్‌ని ఇద్దరం కూర్చుని ఇలా తిరగరాశాం:

> విషయం: VL02N లో గూడ్స్ ఇష్యూ కావట్లేదు, M7021, ఒక కంటైనర్ ఆగింది
>
> చేసింది:
> 1. VL02N తెరిచి డెలివరీ నంబరు ఇచ్చాను (నంబరు, ప్లాంట్, స్టోరేజ్ లొకేషన్, బ్యాచ్ కింద ఉన్నాయి).
> 2. గూడ్స్ ఇష్యూ తేదీ మే 31 ఉంది, మార్చలేదు.
> 3. Post Goods Issue నొక్కాను.
>
> వచ్చింది: M7021, 450 కార్టన్లు తక్కువ, "prev." అని ఉంది. పూర్తి స్క్రీన్‌షాట్ జతచేశాను.
>
> రావాల్సింది: 1,600 కార్టన్లు తగ్గి, డాక్యుమెంట్ నంబరు రావాలి. MMBE లో అదే బ్యాచ్‌లో 1,640 ఉన్నాయి.
>
> ప్రభావం: ఇది కాకపోతే ఇన్వాయిస్ రాదు, ఈ-వే బిల్లు రాదు, లారీ గేటు దాటదు. కంటైనర్ సాయంత్రం 6లోపు చెన్నై పోర్ట్‌లోకి వెళ్లాలి, ఇక్కడినుంచి 11కి బయల్దేరాలి. ఆగింది ఇదొక్కటే, మిగతా డెలివరీలు పోస్ట్ అవుతున్నాయి.

ఆ చివరి వాక్యం రాయడానికి అబ్బాయి ఒప్పుకోలేదు, ప్రయారిటీ తగ్గిస్తారని భయం. నేను పట్టుబట్టి పెట్టించాను. మిగతావి నడుస్తున్నాయంటే సర్వర్, అనుమతులు వెతకక్కర్లేదు, ఈ డెలివరీలోనే ఏదో ఉందని తెలుస్తుంది. ప్రయారిటీకి 11 గంటల గడువు చాలు. "అర్జెంట్" అని అందరూ రాస్తారు, గడువు మాత్రం ఎవరూ రాయరు.

ఈసారి వచ్చిన జవాబు ఒక ప్రశ్నే: "సరుకు నిజంగా ఏ రోజు లోడయింది?" జూన్ 1 ఉదయం. తేదీని జూన్ 1కి మార్చి నొక్కితే పోస్ట్ అయింది.

సరుకు నిజంగా మే 31నే వెళ్లి ఉంటే ఈ తేదీ మార్పు తప్పవుతుంది, మే అమ్మకం జూన్‌లోకి వెళ్తుంది. అప్పుడు రిసీట్ తేదీ చూడాలి. అది మే 31న జరిగి పొరపాటున జూన్ 1 పడి ఉంటే, 102తో రద్దు చేసి సరైన తేదీతో 101 మళ్లీ వేయాలి. గత నెలకు పోస్టింగ్ తెరిచి ఉంటేనే అది కుదురుతుంది, అకౌంట్స్ వాళ్లని అడగకుండా చేయకూడదు. అందుకే ఇలాంటి టికెట్లో లోడింగ్ తేదీ, రిసీట్ తేదీ రెండూ ముందే రాయమని మా వాళ్లకి చెప్పాను.