వైటీడీ కాలమ్‌లో 13 ఎక్కువ ఎందుకొచ్చింది?

మార్చి రిపోర్ట్‌లో ఒక వరుస లెక్క కుదరలేదు. జనవరి 410, ఫిబ్రవరి 372, మార్చి 398. కలిపితే 1180 రావాలి, ఏడాది మొదటి నుంచి ఇప్పటివరకు మొత్తం చూపించే వైటీడీలో మాత్రం 1193 ఉంది. తేడా 13.

ఇలాంటప్పుడు నేను ముందు పాత రిపోర్ట్ తీసి పక్కన పెట్టుకుంటాను. అందులో ఫిబ్రవరి 385 అని ఉంది. తర్వాత దాన్ని 372కి సవరించారు. తగ్గింది సరిగ్గా 13! అంటే నెల అంకె మారింది కానీ, వైటీడీ మాత్రం పోయిన నెల వైటీడీకి ఈ నెల అంకె కలుపుకుంటూ వచ్చింది. పాత 385 అందులోనే ఉండిపోయింది.

అందుకే ఆ కూడికను తీసేసి, వైటీడీ ఉన్న E కాలమ్‌లో ప్రతిసారీ నెలలన్నీ మొదటి నుంచి కూడేలా పెట్టాను:

```
=SUM(B2:D2)
```

పైనుంచి వైటీడీ ఫార్ములా లేకుండా అంకెలుగానే వచ్చే రిపోర్ట్‌లకైతే పక్క కాలమ్‌లో ఈ చెక్ పెడతాను:

```
=ROUND(SUM(B2:D2)-E2,2)
```

సున్నా కాకపోతే ఆ వరుస చూడాలి. వేలల్లోకి రౌండ్ చేసిన అంకెలైతే ఒకటీ రెండూ తేడా మామూలే, రౌండ్ చేయని అంకెలతో సరిచూస్తే తేలిపోతుంది.

ఈ చెక్ చివరి మొత్తం వరుసకే పెడితే చాలదు. ఫిబ్రవరిలో 13 ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మారితే, రెండు వరుసలూ తప్పుగా ఉన్నా మొత్తంలో తేడా సున్నాయే చూపిస్తుంది. కాబట్టి ప్రతి వరుసకీ పెట్టాల్సిందే.